తుంటి పక్కన నొప్పి: కీలు అరిగిందా, టెండన్ చిరిగిందా?

*డాక్టర్ గారూ, నా వయసు 56. ఆరేడు నెలలుగా కుడి తుంటి పక్కన నొప్పి. ఆ వైపు ఒత్తిగిలి పడుకోలేను, మెట్లెక్కితే పొడుస్తుంది, తొడ బయటి వైపు నుంచి మోకాలి దాకా లాగుతుంది. ఎక్స్‌రే తీసి కీలు కొద్దిగా అరిగింది, ముందు ముందు మార్పిడి తప్పదన్నారు ఒక డాక్టరు. ఇంకొకరు సయాటికా అన్నారు. ఎంఆర్‌ఐలో గ్లూటియస్ మీడియస్ టెండన్ పాక్షికంగా చిరిగిందని వచ్చింది. కింద కూర్చుని కూరలు తరుక్కుంటాను, ఇబ్బంది లేదు. మనవణ్ని చంకనేసుకుంటే మాత్రం ఆ రాత్రి నిద్ర ఉండదు. నాకు ఆపరేషన్ తప్పదా? చిరిగింది అతుక్కుంటుందా? వాకింగ్ మానేయాలా? — ఒక పాఠకురాలు, తెనాలి*

అమ్మా, ముందు మీ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పేస్తాను. మీరు రాసినదాన్ని బట్టి ఇప్పుడు ఆపరేషన్ అవసరం కనిపించడం లేదు. కీలు మార్పిడి గురించి అయితే టెన్షన్ పెట్టుకోకండి, మీ నొప్పి కీలుది కాదనిపిస్తోంది. వాకింగ్ మానొద్దు, కొన్నాళ్లు తగ్గించండి. మిమ్మల్ని పరీక్ష చేయకుండా ఈ మాట అంటున్నాను కాబట్టి, నా అంచనా ఎక్కడ తప్పవచ్చో మీరే ఇంట్లో సరిచూసుకునేలా రాస్తాను.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన ముక్క ఎక్స్‌రేదీ కాదు, ఎంఆర్‌ఐదీ కాదు. కింద కూర్చుని కూరలు తరుక్కుంటున్నానని రాశారు చూడండి, అది. తుంటి కీలు అరిగినవాళ్లకు మొదట దెబ్బతినేది కాలు లోపలికీ బయటికీ తిరిగే కదలిక. బాసింపట్టు వేసుకోవడం, కాలి గోళ్లు తీసుకోవడం, మెట్టెలు సర్దుకోవడం, పాదాలకు పసుపు రాసుకోవడం, వీటన్నిటికీ ఆ కదలిక కావాలి. కీలు జబ్బు ఉన్నవాళ్లు వచ్చినప్పుడు నొప్పి కన్నా ముందే ఇవి చెబుతారు: ‘కాలి వేళ్లు అందడం లేదు, మా అమ్మాయే గోళ్లు తీస్తోంది’ అని. టెండన్ అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటిది. ఆ నొప్పి ఉన్నవాళ్లకు నడిస్తే, మెట్లెక్కితే, పడుకుంటే ప్రాణం పోతుంది గానీ పాదం మాత్రం చక్కగా అందుతుంది. ఆస్ట్రేలియాలో కొందరు పరిశోధకులు ఈ రెండు జబ్బులవాళ్లనూ పక్కపక్కన పెట్టి పోల్చారు. వాళ్లకూ మేజోళ్లు, బూట్లు తొడుక్కోవడంలో ఇబ్బంది ఉందా లేదా అన్న ప్రశ్నే రెంటినీ విడదీయడానికి బాగా పనికొచ్చింది.

రెండో సంగతి, నొప్పి ఉన్న చోటు. తుంటి అనగానే అందరూ పక్కన, చీర కుచ్చిళ్ల మడతకు కాస్త కింద చెయ్యి వేసి చూపిస్తారు. అసలు కీలు అక్కడ లేదు, గజ్జ లోపల లోతుగా ఉంటుంది. అందుకే కీలు నొప్పి ఎక్కువగా గజ్జలో, తొడ ముందు వైపున వస్తుంది. ఒక్కోసారి తుంటిలో ఏమీ అనిపించక మోకాలే నొప్పెడుతుంది. ఇలాంటివాళ్లు మోకాలికి ఎక్స్‌రే తీయించుకుని, అందులో ఏమీ కనబడక తిరుగుతుంటారు. పక్కన చేతికి తగిలే గట్టి ఎముక గుబ్బ తొడ ఎముక పైభాగం. దాన్ని గ్రేటర్ ట్రోకాంటర్ అంటారు. పిరుదు కండరాల్లో రెండు, గ్లూటియస్ మీడియస్, గ్లూటియస్ మినిమస్, టెండన్లుగా మారి ఈ గుబ్బకే అతుక్కుంటాయి. మీరు ఒక్క కాలి మీద ఉన్న ప్రతిసారీ, అంటే నడకలో ప్రతి అడుగుకూ, అవతలి వైపు నడుము కిందికి వాలిపోకుండా పట్టి ఉంచేవి ఈ కండరాలే.

ఇప్పుడు ఇంట్లో చేసుకోవాల్సిన పరీక్షలు. ఎడమ వైపు ఒత్తిగిలి పడుకుని, కుడి గుబ్బ మీద, దాని పై అంచున, బొటనవేలితో గట్టిగా నొక్కండి. ‘ఇదే, ఇదే నా నొప్పి’ అనిపించాలి. అక్కడ నొక్కినా నొప్పి లేకపోతే టెండన్ల మీద నా అనుమానం చాలావరకు పోతుంది. నొప్పి ఉన్నంత మాత్రాన జబ్బు ఖాయమైపోదు లెండి, గట్టిగా నొక్కితే ఆ చోట చాలామందికి కొంత నొప్పి ఉంటుంది. అందుకని రెండో పరీక్ష. గోడ పక్కన నిలబడి, తూలకుండా ఒక్క వేలు మాత్రం గోడకు ఆనించి, కుడి కాలి మీదే నిలబడండి. వాచీలో 30 సెకన్లు చూసుకోండి. ఆ లోపే తుంటి పక్కన మీకు తెలిసిన నొప్పి మొదలైతే అది టెండన్ల నొప్పి అనడానికి బలమైన గుర్తు. గజ్జలో వస్తే మాత్రం అనుమానం కీలు మీదికి పోతుంది.

మూడోది కీలుకు పరీక్ష. మంచం అంచున మోకాళ్లు వంచి, పాదాలు నేలకు తగలకుండా కూర్చోండి. తొడ కదలకుండా కుడి పాదాన్ని బయటి వైపుకు, అంటే కుడి పక్కకు, తిప్పండి. పాదం బయటికి పోతోంది గానీ కీలు లోపలికి తిరుగుతోంది. ఎడమ పాదంతోనూ అలాగే చేసి పోల్చండి. రెండూ సమానంగా తిరిగి, గజ్జలో పట్టేసినట్టు లేకపోతే కీలు పెద్దగా చెడలేదని నమ్మవచ్చు. అరిగిన కీలులో మొట్టమొదట తగ్గిపోయేది ఈ కదలికే. మీకు మొదటి రెండు పరీక్షల్లో నొప్పి వచ్చి, మూడో దానిలో ఏమీ లేకుంటే, ఎక్స్‌రేలో ‘కొద్దిగా అరిగింది’ అన్న మాటను పక్కన పెట్టేయండి. యాభై దాటినవాళ్ల ఎక్స్‌రేలో కొద్దిపాటి అరుగుదల తరచుగా కనిపిస్తుంది, నొప్పి లేని కాలిలో కూడా. ఫిల్ములో కనబడిన అరుగుదలకూ రాత్రి నిద్ర చెడగొట్టే నొప్పికీ సంబంధం ఉందో లేదో చేత్తో పరీక్ష చేస్తేనే తేలుతుంది. ఆ పరీక్ష చేయకుండా మార్పిడి గురించి మాట్లాడటం తొందరపాటే అంటాను. పొరపాటున అలా కీలు మార్చినా పక్క నొప్పి పక్కనే ఉండిపోతుంది.

దీనికి తిరగబడ్డ సంగతి కూడా ఒకటుంది, ఇంట్లో మగవాళ్ల కోసం చదవండి. ముప్పై నలభై ఏళ్ల వయసులో గజ్జ నొప్పి, ఎక్స్‌రే మామూలుగా ఉంది, కానీ కాలు తిరగడం లేదు. మద్యం అలవాటు ఉన్నవాళ్లు, ఏదో జబ్బుకు స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్లు ఇలా వస్తుంటారు. తొడ ఎముక తలకు రక్తం అందక అది చచ్చుబడిపోయే జబ్బు అది, ఏవీఎన్ అంటారు. మొదట్లో ఎక్స్‌రేకు అందదు, ఎంఆర్‌ఐలోనే కనిపిస్తుంది. మీకు ఎంఆర్‌ఐ ఎలాగూ అయింది కాబట్టి రిపోర్టులో తొడ ఎముక తల గురించి, కీలులో నీరు చేరడం గురించి ఏం రాశారో ఒకసారి చదివించుకోండి. అవి మామూలుగా ఉన్నాయంటే కీలు మీద అనుమానం ఇంకా తగ్గుతుంది.

సయాటికా, అంటే నడుములో నరం నొక్కుకుని కాలిలోకి దిగే నొప్పి, ఆ మాట కూడా తేల్చేద్దాం. టెండన్ నొప్పి తొడ బయటి వైపున మోకాలి దాకా దిగుతుంది, మోకాలి కిందికి దిగడం అరుదు. నరం నొక్కుకుంటే పిక్కలోకి, పాదంలోకి పోతుంది, తిమ్మిరి ఉంటుంది, దగ్గినప్పుడు జివ్వుమంటుంది. ఇందులో ఒక చిక్కుంది. నడుములోంచి వచ్చే ఎల్5 నరమే గ్లూటియస్ మీడియస్‌కూ పనిచేస్తుంది. ఆ నరం దెబ్బతింటే టెండన్ బాగానే ఉన్నా తుంటి బలహీనపడి కుంటు వస్తుంది. అందుకే నేను తుంటి నొప్పి అని వచ్చినవాళ్ల కాలి బొటనవేలిని కూడా పైకెత్తించి, దాన్ని కిందికి నొక్కి చూస్తాను. బొటనవేలిని ఎత్తేదీ ఆ నరమే. మీరు ఇంట్లో రెండు బొటనవేళ్లూ పోల్చుకోండి. కుడిది తేలిగ్గా లొంగిపోతే సయాటికా అన్న డాక్టరు మాటను కొట్టిపారేయకూడదు.

ఇక ఈ నొప్పి ఎందుకు వస్తుందో చెబుతాను, ఎందుకంటే వైద్యమంతా అక్కడే ఉంది. చాలాకాలం దీన్ని గుబ్బ మీదుండే నీటి సంచి వాపు అనుకున్నారు, ‘బర్సైటిస్’ అని రాసేవాళ్లు, ఇప్పటికీ రాస్తున్నారు. 2013లో వచ్చిన ఒక పరిశీలనలో ఇలాంటి నొప్పి ఉన్న 877 మందికి అల్ట్రాసౌండ్ చేసి చూస్తే ఆ సంచి వాచింది ఐదుగురిలో ఒక్కరికే. దాదాపు సగం మందిలో కనిపించింది గ్లూటియస్ టెండన్లు చెడటం. నడివయసు దాటిన ఆడవాళ్లలో ఇది మగవాళ్లకన్నా చాలా ఎక్కువ. టెండన్లు గుబ్బ చుట్టూ తిరిగి అతుక్కుంటాయి, వాటి పైనుంచి తొడ బయటి వైపున ఒక గట్టి పట్టీ దిగుతుంది. కాలు శరీరం మధ్య గీత దాటి అవతలి వైపుకు వెళ్లినప్పుడల్లా ఆ పట్టీ బిగుసుకుని టెండన్‌ను గుబ్బకేసి నొక్కుతుంది. బావి గిలక మీద చేంతాడు ఎక్కడ ఒరుసుకుంటుందో అక్కడే పీచులు లేచినట్టు, టెండన్ కూడా ఆ నొక్కుడు పడే చోటే చెడుతుంది.

ఇప్పుడు మీ మనవడి దగ్గరకు వద్దాం. పిల్లాణ్ని చంకనేసుకున్నప్పుడు మీరు కుడి తుంటిని పక్కకు తోసి, వాడిని దాని మీద కూర్చోబెడతారు. వాడి బరువూ మీ బరువూ కుడి కాలి మీదే. తుంటి పక్కకు పోయిందంటే కాలు మధ్య గీత వైపుకు వచ్చినట్టే, పట్టీ బిగుస్తుంది. బరువు, నొక్కుడు రెండూ ఒకేసారి టెండన్ మీద పడతాయి. గ్యాస్ స్టవ్ ముందు పప్పు ఉడికేదాకా ఒక కాలి మీద వాలి నిలబడటం కూడా ఇదే కోవలోది, పిల్లాడు లేడంతే. కుర్చీలో కాలు మీద కాలు వేసుకోవడం ఇదే. చిత్రమేమిటంటే బాసింపట్టులో మోకాళ్లు రెండూ బయటికి పోతాయి కాబట్టి అక్కడ నొక్కుడు తక్కువ. నొప్పి వచ్చేది కింద నుంచి లేచేటప్పుడు, ఆ బరువంతా పిరుదు కండరాలే ఎత్తాలి కనుక. కాబట్టి కింద కూర్చోవద్దని నేననను. పక్కన పీటో స్టూలో పెట్టుకుని దాని మీద చెయ్యి ఆనించి లేవండి.

రాత్రి సంగతి ఇంకా ముఖ్యం. కుడి వైపు పడుకుంటే గుబ్బ నేరుగా నలుగుతుందని మీకు తెలుసు, అందుకే ఎడమకు తిరుగుతారు. అప్పుడు పై కాలు, అంటే నొప్పి ఉన్న కుడి కాలు, ముందుకు జారి పరుపు మీద వాలుతుంది. అది కూడా మధ్య గీత దాటడమే, టెండన్ గంటల తరబడి నొక్కుకునే ఉంటుంది. ‘మంచి వైపు పడుకున్నా నొప్పే డాక్టర్ గారూ’ అనేవాళ్ల రహస్యం ఇది. రెండు మోకాళ్ల మధ్య నుంచి చీలమండల దాకా వచ్చేలా పొడవాటి దిండు పెట్టుకోండి. వెల్లకిలా పడుకోగలిగితే మోకాళ్ల కింద దిండు పెట్టుకోవడం అన్నిటికన్నా మంచిది.

ఇదే లెక్కన, తొడ పక్క పట్టేసింది కదా అని సాగదీసే వ్యాయామాలు వద్దు. కాళ్లు మెలివేసే గరుడాసనం, గోముఖాసనం లాంటివి కూడా కొన్నాళ్లు ఆపేయండి. యోగా నేర్పేవాళ్లు మంచికే చెబుతారు గానీ, ఇక్కడ సాగదీయడమంటే ఒరుసుకున్న చోటే మళ్లీ ఒరిపించడం.

కావాల్సింది సాగదీయడం కాదు, బలం. మొదటి రెండు వారాలు వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. మోకాళ్లకు కాస్త పైన రెండు తొడల చుట్టూ ఒక చున్నీ కట్టి, కాళ్లు విడదీయబోతున్నట్టు మెల్లగా బయటికి తోయండి. కాళ్లు కదలకూడదు, కండరం బిగుసుకోవాలి అంతే. పది పదిహేను సెకన్లు పట్టి వదలండి, రోజుకు రెండు మూడు పూటలు నాలుగైదు సార్లు చొప్పున. తర్వాత మోకాళ్లు వంచి నడుము పైకెత్తడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా మెల్లగా లేచి కూర్చోవడం. ఆ తర్వాత అద్దం ముందు, నడుము రెండు వైపులా ఒకే ఎత్తులో ఉండేలా చూసుకుంటూ, బరువును కొద్దికొద్దిగా కుడి కాలి మీదికి మార్చడం. చివరకు చిన్న మెట్టు ఎక్కి దిగడం. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా ఫర్వాలేదు. ఆ రాత్రి నొప్పి మామూలుకన్నా పెరిగిందంటే మాత్రం ఎక్కువ చేశారని అర్థం, మర్నాడు ఒక మెట్టు వెనక్కి రండి. వీటిని ఒకసారి ఫిజియోథెరపిస్టు ఎదురుగా చేసి చూపించండి. నడుము వాలుతోందా లేదా అన్నది మనకు మనం పట్టుకోవడం కష్టం.

వాకింగ్ ఒకే విడత గంట చేస్తుంటే దాన్ని రెండు మూడు ముక్కలుగా చేయండి, చదును నేల మీద. మెట్లెక్కేటప్పుడు కమ్మీ పట్టుకుని ముందు ఎడమ కాలు, దిగేటప్పుడు ముందు కుడి కాలు. నొప్పి మరీ ఎక్కువున్న రోజుల్లో చేతికర్ర పట్టుకుంటే ఎడమ చేత్తో పట్టుకోండి. నొప్పి ఉన్న వైపే పట్టుకునేవాళ్లు చాలామంది, దానివల్ల టెండన్‌కు దక్కాల్సిన సాయం దక్కదు.

ఇంజెక్షన్ గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక ప్రయోగం వచ్చింది. టెండన్ చెడి తుంటి పక్క నొప్పి ఉన్న 204 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు పైన చెప్పిన తరహాలో జాగ్రత్తలూ వ్యాయామాలూ నేర్పారు, ఒక జట్టుకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు, మూడో జట్టుకు ‘తగ్గుతుంది, చూద్దాం’ అన్నారు. ఎనిమిది వారాలకు బాగా తగ్గిందన్నవాళ్లు మొదటి జట్టులో నూటికి 77 మంది, ఇంజెక్షన్ జట్టులో 58, ఊరకున్నవాళ్లలో 29. ఏడాది తర్వాత చూస్తే 79, 58, 52. అంటే ఏమీ చేయకపోయినా సగం మందికి తగ్గింది, ఏడాది గడిచేసరికి ఇంజెక్షన్ వాళ్లకూ వీళ్లకూ పెద్ద తేడా మిగల్లేదు. నిద్ర పట్టక వ్యాయామమే చేయలేని స్థితిలో ఒకసారి వేయించుకోవడం నాకు అభ్యంతరం కాదు. షుగర్ ఉంటే కొన్ని రోజులు అది పెరుగుతుందని గుర్తుంచుకోండి. ఇప్పటికే చిరుగు ఉన్న టెండన్ దగ్గర మళ్లీ మళ్లీ వేయించుకోవడం మాత్రం నేను ఒప్పుకోను.

ఇక అసలు భయం, ఆ చిరుగు. ఎంఆర్‌ఐలో పాక్షిక చిరుగు అన్న మాట మీ వయసులో అరుదు కాదు, ఏ నొప్పీ లేనివాళ్ల ఫిల్ముల్లోనూ టెండన్లో ఇలాంటి మార్పులు కనిపిస్తుంటాయి. అది అతుక్కుంటుందా అంటే, ఏడాది తర్వాత మళ్లీ ఫిల్ము తీస్తే చిరుగు అలాగే కనబడవచ్చు. అయినా మిగిలిన పోగులు బలం పుంజుకుని నొప్పి పోవచ్చు. అందుకే నొప్పి తగ్గాక చిరుగు కోసం మళ్లీ ఎంఆర్‌ఐ తీయించుకోవద్దంటాను.

నేను చూసేది నొప్పి ఎంతుందని కాదు, బలం ఎంతుందని. టెండన్ ఎముక నుంచి పూర్తిగా ఊడిపోతే కండరం ఉన్నా లాగడానికి తాడు లేనట్టే. అలాంటప్పుడు కుడి కాలి మీద నిలబడితే ఎడమ వైపు నడుము కిందికి జారుతుంది, లేదంటే మనిషి పడిపోకుండా ఒంటిని కుడికి వాల్చి ఊగుతూ నడుస్తారు. ఇది మీకన్నా ముందు ఇంట్లోవాళ్ల కంట పడుతుంది, వెనక నుంచి నడక చూడమనండి. ఇంకో పరీక్షకు మరొకరి సాయం కావాలి. మీరు ఎడమకు ఒత్తిగిలి పడుకోండి, వాళ్లు మీ కుడి కాలిని పైకెత్తి, కాస్త వెనక్కి లాగి, ‘పట్టుకో’ అని మెల్లగా వదలాలి. నొప్పిగా ఉన్నా కాలు గాల్లో నిలిస్తే టెండన్ పట్టు ఉంది. ఎంత ప్రయత్నించినా కాలు జారి కిందికి వచ్చేస్తుంటే పెద్ద చిరుగును అనుమానించాలి. ఒక్కోసారి టెండన్ ఊడాక నొప్పి తగ్గి కుంటు పెరుగుతుంది, జనం బాగైందనుకుని ఊరుకుంటారు.

అలాంటి కుంటు ఉంటే ఆలస్యం చేయకూడదు. ఊడిన టెండన్ కండరం పని లేక నెలలు గడిచేకొద్దీ కొవ్వుగా మారుతుంది, అలా మారాక టెండన్‌ను కుట్టినా పాత బలం రాదు. ఎంఆర్‌ఐలో సర్జన్ చూసేది ఆ రెండే: టెండన్ చివర ఎంత దూరం వెనక్కి లాక్కుపోయింది, కండరంలో కొవ్వు ఎంత చేరింది. ఆపరేషన్‌లో ఎముకలో చిన్న యాంకర్లు దించి, వాటి దారాలతో టెండన్‌ను మళ్లీ గుబ్బకు కట్టేస్తారు. పెద్ద కోత లేకుండా దుర్బిణితో కూడా చేస్తారు. తర్వాత దాదాపు ఆరు వారాలు చంక కర్రలతో నడవాలి, బలం రావడానికి నెలలు పడుతుంది. ఇంత కష్టం పడాల్సింది బలం పోయినవాళ్లు, సరిగ్గా వ్యాయామం చేసినా నెలల తరబడి తగ్గనివాళ్లు. పాక్షిక చిరుగు ఉండి, కాలు గాల్లో నిలుపుకోగలిగినవాళ్లు ముందే పరుగెత్తాల్సిన పని కాదు.

కొందరిలో కీలు, టెండన్ రెండూ చెడి ఉంటాయి, గజ్జలోనూ పక్కనా నొప్పే. అప్పుడు మేం మత్తు మందును స్కానింగ్‌లో చూస్తూ కీలు లోపలికే ఎక్కిస్తాం. ఆ కొద్ది గంటల్లో నొప్పి ఎంత తగ్గిందో అదే కీలు వాటా, మిగిలింది బయటిది. మూడో పరీక్షలో మీ పాదం సరిగా తిరగకపోతే మీ డాక్టర్ని దీని గురించి అడగండి.

ఎనిమిది వారాలు ఇలా చేసి చూడండి. ఈలోగా పడిపోయి కాలు మోపలేకపోయినా, జ్వరంతో పాటు నొప్పి వచ్చినా, ఇదివరకు క్యాన్సర్ వైద్యం జరిగి ఉండి ఎటు పడుకున్నా విడవని నొప్పి ఉన్నా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. నడకలో ఊగు కనబడితే కూడా వారాలు లెక్కపెట్టొద్దు, వెంటనే ఎముకల డాక్టరుకు చూపించండి. వెళ్లేటప్పుడు ఎంఆర్‌ఐ రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, ఫిల్ములు గానీ సీడీ గానీ వెంట తీసుకెళ్లండి. కండరంలో కొవ్వు చేరిందో లేదో చాలా రిపోర్టుల్లో రాయరు, బొమ్మలో చూసుకోవాల్సిందే.